స్లాబు తాగేదెంత, ఎండ తాగేదెంత



ఇల్లు కట్టేవాళ్లు స్లాబు పోసే ముందు కాగితం మీద చాలా లెక్కలే వేసుకుంటారు. సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎంత, ఇసుక ఎన్ని ట్రాక్టర్లు, మిల్లరు అద్దె ఎంత, కూలీలు ఎంతమంది, వాళ్లకు మధ్యాహ్నం భోజనాలు ఎక్కణ్ణుంచి. మర్నాటి నుంచి రెండు వారాలపాటు ఆ స్లాబు మీద నిలపాల్సిన నీళ్లెన్నో మాత్రం ఆ కాగితంలో ఉండదు. బోరులో నీళ్లున్న వాళ్లకు ఆ అవసరం రాదు కూడా. మే నెలలో బోరు ఎండిపోయి, ట్యాంకరు కొనుక్కోవాల్సి వచ్చినవాళ్లకే ఆ లెక్క విలువ తెలుస్తుంది. ఈ రోజు ఆ లెక్క ఒక్కటే చెప్పుకుందాం. ఇంటికప్పు స్లాబుకు క్యూరింగ్ రోజులన్నిటికీ కలిపి ఎన్ని నీళ్లు కావాలి?

దీనికి రెండు రకాల జవాబులు వింటూ ఉంటాం. కొందరు స్లాబు వైశాల్యాన్ని నీటి లోతుతో గుణించి, అదే మొత్తం అంటారు. మరికొందరు దాన్ని మళ్లీ రోజుల సంఖ్యతో గుణిస్తారు. మొదటి లెక్కను నమ్ముకుంటే మూడోరోజుకల్లా స్లాబు ఎండిపోతుంది. రెండోదాన్ని నమ్మితే మూడింతల ట్యాంకర్లకు డబ్బు కట్టినట్టు. ఇద్దరూ లోతు చుట్టూనే తిరుగుతున్నారు, ఖర్చు మాత్రం అక్కడ లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే ఈ నీళ్లు ఏం చేస్తాయో ముందు చూడాలి. స్లాబు కాంక్రీటు ఈ నీళ్లను తాగి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడటానికి కావలసిన నీళ్లు నిజానికి మిల్లరులోనే పోసేశాం. 50 కిలోల సిమెంటు బస్తాకు సుమారు 25 లీటర్లు పోస్తాం. ఆ సిమెంటు పూర్తిగా నీటితో కలిసి గట్టిపడటానికి 20 లీటర్ల లోపే చాలు. అంటే లోపల సరిపడా నీళ్లున్నాయి, కాస్త మిగులు కూడా ఉంది. చిక్కల్లా ఆ నీళ్లు లోపల నిలవకపోవడమే. అంత పలచటి పలక, ఆకాశం కింద తెరిచి ఉన్న పైముఖం, దాని మీద ఎండ, గాలి. లోపలి తేమ పైకి వచ్చి ఆవిరైపోతుంది. కాంక్రీటు సూక్ష్మరంధ్రాల్లో తేమ సుమారు 80 శాతం కంటే తగ్గిందంటే, సిమెంటు గట్టిపడే పని దాదాపు ఆగిపోతుంది. అందరికంటే ముందు ఎండేది పై అర అంగుళమే. రేపు వానను ఆపాల్సింది కూడా ఆ అర అంగుళమే.

కాబట్టి పైన నిలిపే నీళ్లు స్లాబు తాగడానికి కాదు, లోపలి నీళ్లను బయటికి పోనివ్వకుండా కాయడానికి. ఎండ ఎలాగూ తాగుతుంది, లోపలివి కాకుండా పైనున్నవి తాగనిద్దాం అన్నమాట. అప్పుడు ప్రశ్న మారిపోతుంది. స్లాబుకు ఎన్ని నీళ్లు కావాలని కాదు, ఎండా గాలీ రోజుకు ఎన్ని పట్టుకుపోతాయని అడగాలి.

ఇక లెక్కలోకి వద్దాం. గుర్తుపెట్టుకోవడానికి తేలికైన కొలతలు రెండున్నాయి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. అడుగుల్లో చెప్పాలంటే, 100 చదరపు అడుగుల మీద ఒక అంగుళం నీళ్లు నిలిస్తే 236 లీటర్లు. ఈ రెండూ తెలిస్తే చాలు, మిగతాదంతా కూడికలే.

పల్నాడులో ఒక ఇల్లనుకుందాం. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఆ జిల్లాలోనే ఉంది. నెల మే. స్లాబు 30 అడుగులు, 40 అడుగులు, అంటే 1,200 చదరపు అడుగులు. మీటర్లలో దాదాపు 111.5 చదరపు మీటర్లు. మందం 5 అంగుళాలు. వాన నీరు జారడానికి ఒకవైపు కాస్త వాలు ఇచ్చారు. గట్లు కట్టి నీళ్లు నిలిపితే మెరక వైపు అంగుళం, పల్లం వైపు రెండంగుళాలు నిలుస్తాయి. సగటున అంగుళంన్నర. 100 చదరపు అడుగులకు 236 చొప్పున, పన్నెండు వందలకు అంగుళం లోతు 2,832 లీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు వేస్తే 4,250 లీటర్ల దగ్గర తేలుతుంది. ఇది ఒక్కసారి పోసే నీళ్లు. దీన్ని నింపుడు అందాం.

ఇప్పుడు రోజువారీ ఖర్చు చూద్దాం. మన మెట్ట ప్రాంతాల్లో మే నెలలో తెరిచి ఉంచిన నీళ్లు రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఆవిరవుతాయి. వడగాలి వీచే రోజుల్లో ఇంకాస్త ఎక్కువే పోతాయి. తొమ్మిది అనుకుందాం. చదరపు మీటరుకు తొమ్మిది లీటర్లు, 111.5 చదరపు మీటర్లకు రోజుకు 1,000 లీటర్లు. నీళ్లు అంగుళం నిలిపినా, రెండంగుళాలు నిలిపినా ఆవిరయ్యేది దాదాపు అంతే. ఎందుకంటే ఎండ చూసేది పైముఖాన్ని, లోతును కాదు. లోతు పెంచితే ఒకసారి పోసేది పెరుగుతుంది, అంతే.

ఆవిరికి తోడు కారుడు కూడా ఉంటుంది. గట్టు కింద సందుల్లోంచి, స్లాబు అంచుల మీదుగా, పైపుల కోసం వదిలిన కన్నాల దగ్గర కొంత పోతుంది. గట్లు శ్రద్ధగా కట్టినా రోజుకు రెండు మిల్లీమీటర్లు దానికి వదిలేయడం నా అలవాటు. ఇక్కడ అది సుమారు 225 లీటర్లు. రెండూ కలిపితే రోజుకు 1,225.

రోజులెన్ని? భారతీయ ప్రమాణాల సంస్థ 2000లో సవరించిన ఐఎస్ 456 ప్రకారం, మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండా పొడిగాలీ ఉన్న వాతావరణంలో కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. ఫ్లైయాష్ లాంటివి కలిపిన సిమెంటుకూ కనీసం 10 రోజులే, దాన్ని 14 దాకా పొడిగించమని సలహా ఇచ్చారు. ఇళ్లకు ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పీపీసీ ఈ కోవలోదే. బస్తా మీద చూస్తే తెలుస్తుంది. ఫ్లైయాష్ నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి, వారానికే నీళ్లు ఆపేస్తే దాని వంతు పని సగంలోనే ఆగిపోతుంది. మన ఇల్లు పీపీసీతో, మే నెలలో కడుతున్నారు కాబట్టి 14 రోజులే తీసుకుందాం.

పద్నాలుగు రోజులు, రోజుకు 1,225 అంటే 17,150 లీటర్లు. దానికి నింపుడు 4,250 కలిపితే 21,400. ఇదీ జవాబు. వైశాల్యాన్ని లోతుతో గుణించి ఊరుకున్నవాళ్లు అనుకున్న 4,250కి ఇది అయిదు రెట్లు. దాన్ని పద్నాలుగుతో గుణించినవాళ్లకు వచ్చేది 59,500. మన లెక్క అందులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే నాలుగు పోగా ఇంకాస్త కావాలి. దించేటప్పుడు ఒలికేది కూడా ఉంటుంది కాబట్టి అయిదు చెప్పుకోవడం మేలు. పోల్చి చూసుకోవడానికి ఇంకో మాట. ఈ స్లాబు కాంక్రీటు 500 ఘనపు అడుగులు. దాన్ని కలపడానికి మిల్లరులో పోసే నీళ్లు మూడు వేల లీటర్లకు అటూ ఇటూ. కలపడానికి పోసినదానికి ఏడింతలు కాయడానికి పోతున్నాయి.

ఇదే స్లాబును డిసెంబరులో పోస్తే ఆవిరి రోజుకు నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే 446 లీటర్లు. కారుడు, నింపుడు మారవు. మొత్తం 13,600 దాటి కొంచెం. ఎండ ఒక్కటి తగ్గితే ఏడెనిమిది వేల లీటర్లు మిగిలాయి. వానాకాలమైతే 10 మిల్లీమీటర్ల వాన పడిన రోజు మీ వంతు ఖర్చు ఆకాశమే పెట్టుకుంటుంది.

అయితే నా తొమ్మిది మిల్లీమీటర్ల అంకె మీ మిద్దెకు సరిపోవాలని లేదు. చుట్టూ మేడలున్న సందులో ఒక తీరు, ఊరి చివర పొలం గట్టున ఇంకో తీరు. మీ అంకె మీరే కొలుచుకోవచ్చు. అంచులు నిటారుగా ఉన్న స్టీలు గిన్నె ఒకటి తీసుకుని, అందులో సగానికి పైగా నీళ్లు పోసి, స్లాబు మీద నిలిపిన నీళ్ల మధ్యనే పెట్టండి. ఉదయం గిన్నెలో నీటి మట్టాన్ని స్కేలుతో కొలవండి. గిన్నె పక్కన, గట్ల మధ్య మడిలో నీటి మట్టాన్ని కూడా కొలవండి. మర్నాడు అదే వేళకు, నీళ్లు పోయకముందే, మళ్లీ రెండూ కొలవండి. గిన్నెలో తగ్గింది ఆవిరి మాత్రమే. మడిలో తగ్గింది ఆవిరీ కారుడూ కలిసినది. గిన్నెలో 9, మడిలో 14 తగ్గిందనుకోండి, తేడా 5 మిల్లీమీటర్లు. మన స్లాబు మీద అది రోజుకు 557 లీటర్ల కారుడు. తొమ్మిది రోజుల్లో ఒక ట్యాంకరు ఊరికే కారిపోయినట్టు.

అంత తేడా వస్తే ముందు గట్లు చూడండి. గట్లన్నీ బాగుంటే కిందికి దిగి స్లాబు అడుగు చూడండి. సెంట్రింగ్ పలకల సందుల్లోంచి చుక్కలు పడుతున్న చోట లోపల కాంక్రీటు సరిగా కూరుకోలేదని, బోలుగా ఉందని అర్థం. వైబ్రేటరు అందని బీము మూలల్లో, కరెంటు పైపులు గుంపుగా పోయిన చోట ఇది ఎక్కువ. ఆ చోట్లను గుర్తుపెట్టుకుని, పలకలు తీశాక సుద్దతో గీత గీయించండి. వానాకాలంలో గోడ చెమ్మగిల్లాక ఎక్కడ కారుతోందో వెతకడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. క్యూరింగ్ నీళ్లు ఇంటికప్పుకు మొదటి పరీక్ష కూడా పెడతాయి. ఆ ఫలితాన్ని చాలామంది చూడకుండానే పారబోస్తారు.

గట్ల మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. స్లాబు చుట్టూ ఒకే గట్టు వేసి మొత్తం ఒకే చెరువు చేస్తే, వాలున్న చోట నీళ్లన్నీ పల్లానికి చేరి మెరక భాగం ఎండుతుంది. మధ్యాహ్నం మిద్దెక్కి చూస్తే అక్కడ తెల్లటి మచ్చలు తేలి ఉంటాయి. అందుకని నాలుగైదు అడుగులకొక గట్టు వేసి, చిన్న చిన్న మళ్లుగా విడగొట్టాలి. గట్టుకు ఇసుక పాళ్లు ఎక్కువ, సిమెంటు తక్కువ ఉన్న బలహీనమైన మాలు చాలు. తర్వాత గట్టును పారతో గీకేయాలి కదా. లోతు రెండంగుళాలు మించనక్కర్లేదు. అరడుగు నింపితే చదరపు మీటరుకు 150 కిలోల బరువు పచ్చి స్లాబు మీద పడుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు డిజైనులో లెక్కకట్టే అదనపు బరువే సుమారు అంత. పైగా దానివల్ల క్యూరింగు ఏమీ మెరుగవదు. అంగుళం కంటే తగ్గిస్తే మాత్రం ఒక్కరోజు ట్యాంకరు ఆలస్యమైనా మెరక తేలిపోతుంది. అసలు లోతుతో మనం కొనుక్కునేది ఆ గడువే.

మళ్లు కట్టేది ఎలాగూ మర్నాడే. పోసిన రోజు ఆ కొద్ది గంటల్లో ఏం చేయాలి? కాంక్రీటు గట్టిపడకముందు మీద నీళ్లు కొడితే సిమెంటు కొట్టుకుపోతుంది. ఊరికే వదిలేస్తే ఎండకు పైన సన్నటి పగుళ్లు వస్తాయి. పైన తడి మెరుపు తగ్గగానే పాలిథీన్ షీటు కప్పాలి. వేలితో నొక్కితే గుర్తు పడనంత గట్టిపడ్డాక తడి గోనెలు పరవాలి. మర్నాడు మళ్లు కట్టి నీళ్లు నింపడం కూడా తెల్లవారుజామునే చేయండి. తొలి రోజుల్లో సిమెంటు లోపలే వేడి పుడుతుంది. దానికి మిట్టమధ్యాహ్నం ఎండ తోడై కాలుతున్న స్లాబు మీద చల్లటి బోరు నీళ్లు పోస్తే, పైముఖం ఒక్కసారిగా ముడుచుకుని పగుళ్లిస్తుంది.

మళ్లు కట్టకుండా పూటకోసారి గొట్టంతో తడిపేవాళ్లున్నారు. నీళ్లు ఆదా చేస్తున్నామని వాళ్ల నమ్మకం. ఆ తడిలో నిలిచేది ఒక మిల్లీమీటరు పొర, మిగతాదంతా జారి గోడల మీదుగా నేలపాలవుతుంది. ఆ మిల్లీమీటరు మే నెల మధ్యాహ్నం గంటసేపు నిలిస్తే గొప్ప. మిగతా పూటంతా స్లాబు ఎండలోనే ఉంటుంది. తడవడం, ఎండడం, మళ్లీ తడవడం పచ్చి కాంక్రీటుకు మంచిది కాదు. నా దృష్టిలో అది క్యూరింగ్ కాదు, మేస్త్రి చెప్పినందుకు చేసిన మొక్కుబడి.

నీళ్లు నిజంగా కరువైన చోట దారి వేరే ఉంది. అనంతపురం వైపు ట్యాంకరు కూడా దొరకని రోజులుంటాయి. అక్కడ మళ్లకు బదులు స్లాబంతా గోనె పట్టాలు పరిచి, బాగా తడిపి, వాటి మీద పాలిథీన్ షీటు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి. షీటు కింద ఆవిరి దాదాపు ఆగిపోతుంది. పూటకోసారి షీటెత్తి గోనె ఆరిన చోట తడపాలి. చదరపు మీటరుకు పూటకో లీటరు చొప్పున వేసుకున్నా మన స్లాబుకు రోజుకు 223 లీటర్లు, పద్నాలుగు రోజులకు 3,100 దాటి కొంచెం. ఇరవై ఒక్క వేలు ఎక్కడ, మూడు వేలు ఎక్కడ! గాలికి షీటు లేవకుండా చూసే మనిషి ఉండాలన్నదే దీనికున్న షరతు. షీటు లేచిన చోట గోనె గంటలో ఎండిపోతుంది, కింది స్లాబు ఎండిన సంగతి కనపడదు కూడా.

నీళ్ల నాణ్యత గురించి ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. మన లెక్కలో నింపుడు నాలుగు వేల చిల్లర, ఆవిరయ్యేది 14 వేలు. కారుడు లేదనుకుంటే, పద్నాలుగో రోజుకు మడిలో మిగిలిన నీళ్లలో ఉప్పు మొదటి రోజుకంటే నాలుగు రెట్లు చిక్కబడి ఉంటుంది. ఇనుము వేసిన కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం. సరిగ్గా ఆ గీత మీదున్న బోరు నీళ్లు నింపితే చివరికి మీ స్లాబు మీద 2,000 మిల్లీగ్రాముల నీళ్లు నిలిచి ఉంటాయి. సముద్రతీర గ్రామాల్లో, ఉప్పు బోర్లున్న చోట ఇది ఊరికే కొట్టిపారేసే సంగతి కాదు. ఆ క్లోరైడు నెమ్మదిగా ఊచల దాకా దిగితే తుప్పుకు దారి వేసినట్టే.

దోమల సంగతీ ఇలాంటిదే. డెంగీ దోమ నిలవ నీటి అంచున గుడ్డు పెట్టిందంటే, అది పొదిగి దోమగా ఎగరడానికి వేసవిలో వారం పది రోజులు చాలు. మనం నిలిపేది రెండు వారాలు.

ఈ రెండింటికీ ఒకటే మందు. నడుమ ఒకసారి నీళ్లు మార్చాలి. అయిదో రోజు, ఆరో రోజు కొత్త నీళ్లు పోయకుండా వదిలేస్తే మట్టం 22 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మెరక వైపు కూడా ఇంకా తడి ఉంటుంది. ఏడోరోజు పొద్దున్నే ఆ మిగిలిన పదిహేడు, పద్దెనిమిది వందల లీటర్లను గోడల క్యూరింగుకు దింపుకుని, మళ్లను చీపురుతో ఊడ్చి, వెంటనే కొత్త నీళ్లు నింపండి. అలాగే చివరి రెండు రోజులు పైనుంచి పోయడం ఆపేయండి, ఉన్నవే సరిపోతాయి. అక్కడ 2,450 లీటర్లు మిగులుతాయి. మార్చినందుకు పోయినవి పోగా మొత్తం 21 వేల లోపే ఉంటుంది. మళ్లలోంచి తీసిన మురుగు నీళ్లు మొక్కలకు పోయకండి, వాటిలో సున్నపు గుణం ఎక్కువ.

ఒక చివరి అంకె. మామూలు ఓపీసీతో పోసిన, నాలుగున్నర మీటర్ల లోపు దూరం ఉన్న స్లాబుకు ఆసరా కర్రలు ఏడు రోజులకే తీయవచ్చని ఐఎస్ 456 చెబుతుంది. కర్రలు తీశారంటే క్యూరింగ్ అయిపోయినట్టని పనివాళ్లు అనుకుంటారు. అప్పుడే స్లాబు అడుగుముఖం కూడా గాలికి తెరుచుకుంటుంది, కాబట్టి మిగిలిన రోజులు దాన్ని కూడా తడపాలి. మీద నీళ్లు పద్నాలుగో రోజు దాకా ఉండాల్సిందే.

స్లాబు తేదీ ఖాయం చేసుకునే ముందు మీ స్లాబు వైశాల్యం కట్టి, నింపుడొకటి, రోజువారీ ఖర్చొకటి వేసుకుని, ట్యాంకరు అతనితో రెండు వారాలకూ ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. అతను కుదరదంటే గోనె పట్టాలు, పాలిథీన్ షీటు తెప్పించుకున్నాకే మిల్లరును పిలవండి.